చేసింది తప్పా, చేసినవాడే తప్పా?

పదిహేనేళ్ల కుర్రాడు. అతని అన్నకు పాతిక రూపాయల అప్పు ఉంది. అన్న చేతికి బంగారు దండకడియమూ ఉంది. అందులోంచి చిన్న ముక్క కత్తిరిస్తే అప్పు తీరిపోతుంది. కత్తిరించారు, అప్పు తీరింది. తీరాక ఆ బరువు కుర్రాడి గుండె మీదికి వచ్చింది. తండ్రికి చెప్పేయాలనుకున్నాడు కానీ నోరు పెగల్లేదు. కొడతాడని కాదు, ఆ తండ్రి పిల్లల మీద చెయ్యి చేసుకునే మనిషి కాదు. విని ఎంత నొచ్చుకుంటాడోనన్నదే భయం. చివరికి కాగితం మీద అంతా రాశాడు. చేసింది ఒప్పుకున్నాడు, తగిన శిక్ష వేయమన్నాడు, తన తప్పుకు నాన్న తనను తాను బాధపెట్టుకోవద్దని వేడుకున్నాడు, ఇకమీదట దొంగతనం చెయ్యనని మాటిచ్చాడు. వణికే చేతులతో ఆ కాగితం అందించి ఎదురుగా కూర్చున్నాడు.

జబ్బుతో చెక్కబల్ల మీద పడుకుని ఉన్న తండ్రి లేచి కూర్చుని చదివాడు. కళ్లలోంచి నీళ్లు జారి కాగితం తడిసింది. ఒక్క క్షణం కళ్లు మూసుకుని, కాగితం చింపేసి, మళ్లీ పడుకున్నాడు. కొడుకూ ఏడ్చాడు. అంతటితో అయిపోయింది. ఆ కుర్రాడు మోహన్‌దాస్ గాంధీ. తన ఆత్మకథలో ఈ ఘట్టానికి దొంగతనం, ప్రాయశ్చిత్తం అని పేరు పెట్టుకున్నాడు.

దాని వెంటనే వచ్చే అధ్యాయం మరో రకం. అప్పటికి గాంధీకి పదహారేళ్లు. రోజూ రాత్రి తండ్రి కాళ్లు పట్టడం అతని వంతు. ఒక రాత్రి పదిన్నర, పదకొండు మధ్య బాబాయి వచ్చి తాను చూసుకుంటానంటే, లేచి గర్భవతి అయిన భార్య గదిలోకి వెళ్లాడు. అయిదారు నిమిషాలకే తలుపు తట్టారు. అప్పటికే తండ్రి పోయాడు. ఆఖరి క్షణంలో పక్కన లేకపోయానన్న బాధ ఆయన్ను జీవితాంతం వదల్లేదు. నలభై ఏళ్ల తర్వాత రాస్తూ కూడా దాన్ని చెరగని మచ్చగానే చెప్పుకున్నాడు. ఆ అధ్యాయం పేరులోనే సిగ్గు ఉంది, అదీ రెట్టింపు సిగ్గు.

రెండూ ఒకే మనిషివి, ఒకే తండ్రి విషయంలోవి, ఏడాది అటూ ఇటూగా జరిగినవి. ఒకటి ఏడ్చి ముగిసిపోయింది, రెండోది ముగియలేదు. కాగితం అందుకోవడానికి మొదటిసారి తండ్రి ఉన్నాడు, రెండోసారి లేడు. నిజమే, కానీ అదొక్కటే కారణం కాదు. మొదటిదాంట్లో కుర్రాడు తాను చేసిన పనిని చూశాడు. రెండోదాంట్లో తాను ఎలాంటివాడో చూసుకున్నాడు. మనస్తత్వవేత్తలు యాభై ఏళ్లుగా తవ్వుతున్నది ఈ తేడానే.

తెలుగులో మొదటిదానికి నోటికి వచ్చే మాట లేదు. పుస్తకాల్లో అపరాధభావం అంటారు, ఇంట్లో ఎవరూ అనరు. "గిల్టీగా ఉంది" అంటారు, లేదా "మనసు పీకుతోంది" అంటారు. రెండోదానికైతే మాటలకు కొదవ లేదు: సిగ్గు, నామోషీ, తలవంపులు, పరువు పోవడం, ముఖం చెల్లకపోవడం. అందులోనూ సిగ్గు అనే ఒక్క మాటతో పెళ్లికూతురు తల దించుకోవడాన్నీ చెబుతాం, దొంగ తల దించుకోవడాన్నీ చెబుతాం. ఇక్కడ చర్చ రెండో తలదించుడు గురించి. ఆ మాటల్ని ఒకసారి గమనించండి. తల, ముఖం, పరువు అన్నీ మనిషికి సంబంధించినవే. చేసిన పని ఏమిటో వాటిలో ఎక్కడా లేదు.

అమెరికాలో హెలెన్ బ్లాక్ లూయిస్ అనే మనోవిశ్లేషకురాలు తన దగ్గరికి వచ్చేవారి మాటల్ని జాగ్రత్తగా పరిశీలించి 1971లో ఒక పుస్తకం రాసింది. అంతవరకూ చాలామంది నలుగురి ముందు కలిగేది సిగ్గు, ఒంటరిగా కలిగేది అపరాధభావం అనుకునేవారు. లూయిస్ వేరే గీత గీసింది. తప్పు ఒకటే కావచ్చు, చూపు ఎక్కడ పడిందన్నదే తేడా అంది. "నేను ఆ పని చేశాను" అన్నప్పుడు చూపు పని మీద ఉంటుంది, "నేను ఆ పని చేశాను" అనేదాన్నే "నేను" మీద ఒత్తి పలికితే చూపు మనిషి మీదికి మళ్లుతుంది. ఆ తర్వాత జూన్ టాంగ్నీ, ఆమెతో పనిచేసినవారు మామూలు మనుషుల అనుభవాలు రాయించి చూస్తే లూయిస్ గీతే నిలబడింది. జనం ఎవరూ చూడని చోట కూడా సిగ్గుతో కుంగిపోతున్నారు, పదిమంది మధ్య కూడా అపరాధభావంతో బాధపడుతున్నారు.

1994లో వచ్చిన ఒక పరిశోధన ఈ తేడాను చక్కగా పట్టుకుంది. జరిగినదాన్ని మార్చగలిగితే ఏం మారుస్తారు అని అడిగారు. అపరాధభావంలో ఉన్నవాళ్లు "ఆ పని చేయకుండా ఉంటే బాగుండేది" అన్నారు. సిగ్గుపడుతున్నవాళ్లు "నేను ఇలాంటి మనిషిని కాకుండా ఉంటే బాగుండేది" అన్నారు. చేసిన పనికి ఏదో ఒక విరుగుడు దొరుకుతుంది. తీసింది తిరిగి ఇవ్వచ్చు, అబద్ధమాడిన చోట నిజం చెప్పచ్చు. నేనే పనికిరానివాణ్ని అనుకున్నవాడికి చేయడానికేమీ మిగలదు. దాక్కోవాలి, లేకపోతే ఎదురు తిరగాలి.

ఈ దాక్కోవడం ఎంత చిన్న వయసులో మొదలవుతుందో 1993లో అచ్చయిన ఒక ప్రయోగంలో కనిపిస్తుంది. రెండేళ్ల వయసు పిల్లల చేతికి ఒక బొమ్మ ఇస్తారు. అది తనకెంతో ఇష్టమని బొమ్మ ఇచ్చినావిడ చెబుతుంది. ఆవిడ అటు తిరగ్గానే బొమ్మ కాలు ఊడి వస్తుంది. ఊడేలాగే దాన్ని తయారుచేశారు, పాపం పిల్లలకది తెలియదు. ఆవిడ తిరిగి వచ్చేసరికి పిల్లలు రెండు రకాలుగా ప్రవర్తించారు. కొందరు ఆవిడకు చూపించారు, విరిగిన కాలు అతికించబోయారు. కొందరు ఆవిడ వైపు చూడకుండా ముఖం తిప్పుకున్నారు, దూరం జరిగారు, చెప్పడానికి ఆలస్యం చేశారు. పరిశోధకులు మొదటివాళ్లను సరిచేసేవాళ్లు అనీ, రెండోవాళ్లను తప్పించుకునేవాళ్లు అనీ అన్నారు. రెండేళ్లకు సిగ్గు అనే మాట సరిగా పలకడం కూడా రాదు. కాళ్లు మాత్రం ఎటు నడవాలో అప్పటికే నేర్చుకుని ఉంటాయి.

పెద్దవాళ్లలో బొమ్మ స్థానంలోకి ఇంకేదో వస్తుంది. చాలా ఇళ్లలో జరిగే ఒక సంగతినే తీసుకుందాం. భర్త షేర్ మార్కెట్ ట్రేడింగులోకి దిగాడు. మొదట కొంచెం వచ్చింది, తర్వాత పోవడం మొదలైంది. పోయినదాన్ని రాబట్టుకోవాలని బీరువాలోంచి భార్య నాలుగు తులాల గొలుసు తీసి బ్యాంకులో తాకట్టు పెట్టి రెండు లక్షలు తెచ్చాడు. అదీ పోయింది. ఆ గొలుసు ఆమెకు వాళ్లమ్మ పెట్టింది. ఆరు నెలల తర్వాత మేనకోడలి పెళ్లికి బీరువా తీస్తే గొలుసు లేదు.

"ఏవండీ, నా గొలుసు ఏది?"

ఆ ప్రశ్న వినగానే అతని ఒంట్లో జరిగేది ఊహించుకోవచ్చు. ముఖం వేడెక్కుతుంది, చూపు నేల మీదికి వాలుతుంది, మాట తడబడుతుంది. సిగ్గు ఆక్రమించుకుంటే నోట్లోంచి రెండు రకాల మాటల్లో ఏదో ఒకటి వస్తుంది. ఒకటి: "అవును, నేను చేతకానివాణ్నే. నన్ను చేసుకుని నీ బతుకు నాశనమైంది. నేను చస్తే గానీ నీకు సుఖం ఉండదు." వినడానికి ఇది ఒప్పుకోలులాగే ఉంటుంది. కానీ గొలుసు ఎక్కడుందో ఇందులో లేదు. డబ్బు ఎంత, వడ్డీ ఎంత పెరిగింది, ఎప్పుడు విడిపిస్తాడు అన్నదీ లేదు. అన్నిటికంటే మించి, ఆమె ఇందులో లేదు. చూస్తూండగానే పరిస్థితి తలకిందులవుతుంది. నగ పోగొట్టుకున్న మనిషి తన బాధ పక్కన పెట్టి "అలా అనకండి, ఊరుకోండి" అని అతన్ని ఓదార్చాల్సి వస్తుంది. ఆమె కోపానికి ఇక ఆ ఇంట్లో చోటు ఉండదు.

రెండోది: "ఎప్పుడూ నా జేబులూ బీరువాలూ వెతకడమే నీ పని! ఇంటి ఖర్చులకు ఎంతవుతోందో నీకేమైనా తెలుసా? మీవాళ్ల పెళ్లిళ్లకే కదా ఇదంతా!" క్షణం క్రితం నేలచూపులు చూసిన మనిషి ఇప్పుడు గొంతు పెంచాడు. లూయిస్ తన రోగుల మాటల్లో పదేపదే చూసింది ఈ మలుపునే. సిగ్గు తగిలిన వెంటనే, కొన్నిసార్లు మాట మధ్యలోనే, అది కోపంగా మారుతుంది. కారణం అర్థం కానిదేమీ కాదు. నేనే పనికిరానివాణ్ని అన్న నొప్పిని ఎక్కువసేపు భరించడం ఎవరివల్లా కాదు. తప్పు అవతలి మనిషి మీదికి నెట్టేస్తే కాస్త ఊపిరి ఆడుతుంది, కుంగిపోయిన మనిషి మళ్లీ పెద్దవాడైనట్టు అనిపిస్తుంది. టాంగ్నీ బృందం చిన్నపిల్లల నుంచి వయసు మళ్లినవాళ్ల వరకు పరీక్షించినప్పుడు కూడా ఇదే కనిపించింది. సిగ్గు త్వరగా కమ్ముకునే స్వభావం ఉన్నవాళ్లు కోపాన్ని ఎక్కువగా కక్కుతారు, తప్పును ఎదుటివారి మీదికి ఎక్కువగా తోస్తారు.

ఇంట్లో మగవాళ్లు గొంతు పెంచే సందర్భాలన్నిటికీ వెనక సిగ్గే ఉందనడం తప్పు. అధికారం ఉంది కాబట్టి పెంచే గొంతులూ ఉన్నాయి. కానీ తాను పట్టుబడిన క్షణంలోనే ఒక మనిషి ఎదుటివారి పాత లెక్కలు తీస్తున్నాడంటే, లోపల ఏది కదిలిందో గుర్తుపట్టవచ్చు.

అపరాధభావం పైకి వస్తే అదే ప్రశ్నకు జవాబు ఇలా ఉంటుంది: "నీ గొలుసు బ్యాంకులో తాకట్టులో ఉంది. మార్చిలో నీకు చెప్పకుండా తీశాను. రెండు లక్షలు తెచ్చాను, ట్రేడింగులో పోయింది. మీ అమ్మ పెట్టిన గొలుసని తెలిసీ తీశాను. ఆర్నెల్లుగా నువ్వు అడుగుతావేమోనని తప్పించుకు తిరిగాను. ఇదిగో రసీదు." ఇందులో ప్రతి వాక్యమూ ఒక పని గురించి చెబుతుంది. ఏం తీశాడు, ఎప్పుడు, ఎవరిది, దాచింది ఎన్నాళ్లు. అందుకే ఆమె తర్వాతి ప్రశ్న అడగగలుగుతుంది. వడ్డీ కడుతున్నారా? గడువు ఎప్పటివరకు? ఇంకెక్కడైనా అప్పులున్నాయా?

ఇలా చెబితే ఆమె శాంతిస్తుందని అనుకోకూడదు. అరుస్తుంది, ఏడుస్తుంది, నాలుగు రోజులు మాట్లాడకపోవచ్చు. తేడా అతని వైపు ఉంటుంది. ఆ కోపం తనను చంపడానికి వస్తున్నట్టు అతనికి అనిపించదు, తాను చేసిన పని మీదికి వస్తోందని తెలుస్తుంది. కాబట్టి కూర్చుని వినగలుగుతాడు. ఎదుటివారి బాధను వాళ్ల వైపు నుంచి చూడగలగడం అపరాధభావంతో కలిసి నడుస్తుందని, సిగ్గు దానికి అడ్డుపడుతుందని పరిశోధనలు మళ్లీమళ్లీ చెబుతున్నాయి. సిగ్గులో మునిగినవాడికి ఎదుటివారి ముఖం కనిపిస్తుంది, కానీ ఆ ముఖంలో తన గురించిన తీర్పు కోసమే వెతుకుతాడు.

అందుకే క్షమాపణ నిజమైనదా కాదా తేల్చుకోవడానికి కన్నీళ్లు సరిపోవు. అందులో ఎవరి గురించి ఎక్కువ మాట్లాడుతున్నారో వినాలి.

ఇదంతా చదివితే అపరాధభావం మంచిది, సిగ్గు చెడ్డది అనిపించవచ్చు. అంత సులువుగా తేలదు. 2014లో టాంగ్నీ, ఆమె సహచరులు ఒక అమెరికన్ జైలు నుంచి చేసిన పరిశోధనను ప్రచురించారు. 476 మంది ఖైదీలతో జైలుకు వచ్చిన కొత్తలో మాట్లాడారు, విడుదలైన ఏడాదికి వాళ్లలో ఎవరు మళ్లీ నేరం చేశారో ఆరా తీశారు. అపరాధభావం ఎక్కువున్నవారు మళ్లీ నేరంలోకి వెళ్లడం తక్కువ. ఊహించినదే. సిగ్గు విషయంలో మాత్రం దారి రెండుగా చీలింది. సిగ్గుపడి, ఆ బరువు దించుకోవడానికి నేరాన్ని ఇతరుల మీదికి నెట్టినవాళ్లు మళ్లీ నేరాల్లోకి వెళ్లారు. సిగ్గుపడినా నింద ఎవరి మీదా వేయని వాళ్లను ఆ సిగ్గే నేరానికి దూరంగా ఉంచింది. అంటే చెడగొట్టేది సిగ్గు ఒక్కటే కాదు. దాన్ని భరించలేక మనిషి ఎంచుకునే దారి.

మన పక్కనే ఉన్న ఒడిశాలో మరో కోణం దొరుకుతుంది. ఉషా మీనన్, రిచర్డ్ ష్వెడర్ భువనేశ్వర్ పాత బస్తీలో జనాన్ని కాళికాదేవి బయటపెట్టిన నాలుక గురించి అడిగారు. చాలామంది చెప్పింది ఒకటే. ఉగ్రంగా ఊగిపోతూ భర్త శివుడి గుండె మీదే కాలు పెట్టిన దేవి, అది తెలియగానే లజ్జతో నాలుక కరుచుకుంది. ఆ లజ్జే ఆమె ఆగ్రహాన్ని ఆపింది, లోకాన్ని కాపాడింది. ఆ వివరణలో లజ్జ కుంగదీసేది కాదు, తనను తాను నిలువరించుకునే బలం. తప్పు మాట జారగానే నాలుక కరుచుకునే అలవాటు మనకూ ఉంది. ఈ రకం సిగ్గు తప్పుకు ముందో, తప్పు మధ్యలోనో వచ్చి చెయ్యి పట్టుకుంటుంది. లూయిస్ చూసిన సిగ్గు అంతా అయిపోయాక వచ్చి మనిషిని తొక్కేస్తుంది. రెండిటికీ ఒకే మాట ఉండటం వల్ల "సిగ్గుంటే బాగుపడతాడు" అని పెద్దలు అన్నప్పుడు మొదటిదాన్ని ఉద్దేశించి రెండోదాన్ని నూరిపోస్తుంటారు.

అపరాధభావానికీ మచ్చలున్నాయి. 1994లో రాయ్ బౌమైస్టర్, మరో ఇద్దరు దీని మీద వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూసి, అది దగ్గర సంబంధాల్లోనే పుట్టి పెరుగుతుందని చెప్పారు. ముక్కూమొహం తెలియనివాడి కంటే అమ్మనో, భార్యనో, స్నేహితుణ్నో బాధపెట్టినప్పుడే మనసు ఎక్కువ పీకుతుంది. కాబట్టే దగ్గరివాళ్లే దాన్ని ఆయుధంగానూ వాడగలరు. "నీ కోసం నగలమ్మి చదివించాను, పండక్కి రావడానికి నీకు తీరిక లేదు" అని తల్లి ఫోనులో అంటే, హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉన్న కొడుకు టికెట్ కొంటాడు. మాట పనిచేసింది. కానీ అలా వచ్చినవాడి లోపల ప్రేమతో పాటు చిన్న కసి కూడా వచ్చి కూర్చుంటుందని బౌమైస్టర్ బృందం గుర్తుచేస్తుంది. పండగ మూడు రోజులూ ఇద్దరూ ఎందుకు చిరాగ్గా ఉన్నారో ఇద్దరికీ అర్థం కాదు.

అంతకంటే క్రూరమైనది, చేయని తప్పుకు మోసే బరువు. బిడ్డకు పుట్టుకతో జబ్బు వస్తే కడుపుతో ఉన్నప్పుడు నేనేం తిన్నానో అని ఏళ్ల తరబడి వెతుక్కునే తల్లులున్నారు. ప్రమాదంలో తానొక్కడే బతికి బయటపడ్డందుకు నలిగిపోయేవాళ్లున్నారు. సరిచేయడానికి అక్కడ పని లేదు, ఎందుకంటే వాళ్లు చేసిన తప్పే లేదు. అలాంటి అపరాధభావం ఎక్కడికీ వెళ్లలేక లోపలే తిరిగి తిరిగి సిగ్గులా గడ్డకడుతుంది. పదహారేళ్ల గాంధీకి ఆ రాత్రి జరిగింది కూడా కొంతవరకు ఇదే కావచ్చు. అయిదు నిమిషాల్లో తండ్రి పోతాడని అతనికి ఎవరు చెప్పారు?

పిల్లల దగ్గర ఇదంతా ఎంత చిన్న మాటలో తేలిపోతుందో చూడండి. ఎనిమిదేళ్ల పిల్లాడు అమ్మ పర్సులోంచి యాభై రూపాయలు తీసి కొట్టుకు వెళ్లి కొనుక్కున్నాడు. దొరికిపోయాడు. "దొంగవెధవా, సిగ్గు లేదూ? ఉండు, మీ మావయ్య రానీ, అందరికీ చెబుతాను" అనడం మనకు వాడుక. పిల్లాడు ఏడుస్తాడు. ఆ ఏడుపును చూసి బుద్ధి వచ్చిందనుకుంటాం. అతను ఆ క్షణంలో ఆలోచిస్తున్నది పర్సు గురించి కాదు, మావయ్య ముఖం గురించి. నేర్చుకున్నది డబ్బు తీయకూడదని కాదు, దొరకకూడదని. పైగా దొంగ అనే పేరు ఒకటి వచ్చిపడింది. దాన్ని ఎలా వదిలించుకోవాలో ఎవరూ చెప్పలేదు.

ఇంకో తల్లి కోపాన్ని మింగేయకుండానే మరోలా మాట్లాడుతుంది. "అడక్కుండా తీశావు. నాకు చాలా కోపంగా ఉంది. అది రేపటి పాల డబ్బు, రేపు పాలబ్బాయికి నేనేం చెప్పను?" ఇప్పుడు పిల్లాడికి కళ్ల ముందు ఖాళీ పాలగిన్నె కనిపిస్తుంది. "ఎంత మిగిలింది?" అంటుంది తల్లి. పన్నెండు రూపాయలు. "మిగతా ముప్పై ఎనిమిది ఎలా ఇస్తావు?" అతను ఆలోచిస్తాడు. పుట్టినరోజుకు అమ్మమ్మ ఇచ్చిన డబ్బులు వేసుకున్న మట్టి హుండీ గూట్లో ఉందని గుర్తొస్తుంది. దాన్ని తెచ్చి నేల మీద బోర్లించి, ముక్కు తుడుచుకుంటూ, రూపాయి రూపాయి లెక్కపెట్టడం మొదలుపెడతాడు.